సాయంత్రం నలుపు, పగలు తెలుపు: చార్జింగ్ మిగిలేదెక్కడ?

ఫోన్‌లో డార్క్ మోడ్ పెట్టుకుంటే చార్జింగ్ ఎక్కువసేపు వస్తుందని చాలామంది నమ్మకం. పొద్దు గుంకగానే తెర దానంతటదే నల్లబడి, తెల్లవారగానే మళ్లీ తెల్లబడేలా టైమ్ కూడా పెట్టేస్తే ఇక ఆ సంగతి పట్టించుకోనక్కర్లేదని అనుకుంటాం. రాత్రిపూట కళ్లకి ఆ ఏర్పాటు హాయిగానే ఉంటుంది. చార్జింగ్ లెక్క మాత్రం వేరు. నల్లటి తెర వల్ల బాగా కలిసొచ్చే వేళ మిట్టమధ్యాహ్నం. ఆ వేళకి ఈ ఏర్పాటు తెరని తెల్లగా ఉంచుతుంది. రాత్రి ఇంట్లో కూర్చుని ఫోన్ చూసుకునేటప్పుడు, ఎలాగూ పెద్దగా మిగిలేది లేనప్పుడు, నల్లగా మారుస్తుంది. పైగా ఇదంతా ఒక రకం తెర ఉన్న ఫోన్లకే. రెండో రకం తెరకి నలుపైనా తెలుపైనా ఖర్చు దాదాపు ఒకటే.

ముందు ఆ రెండు రకాల తెరలేమిటో చూద్దాం.

మొదటిది ఎల్‌సీడీ. తక్కువ ధర ఫోన్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది ఇదే. ఈ తెరలోని చుక్కలకి సొంత వెలుగు లేదు. వెనకాల ఒక పలుచటి పలక, దాని అంచున వరుసగా చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి. వాటి వెలుగు పలకంతా పరుచుకుని ముందుకి వస్తుంది. ముందున్న ద్రవ స్ఫటికాలు ఎక్కడ ఎంత వెలుగు కావాలో అంత వదిలి మిగతాది అడ్డుకుంటాయి. గదిలో ట్యూబులైటు వెలుగుతుండగా కిటికీకి పరదా వేస్తే బయటున్నవాళ్లకి చీకటిగానే కనిపిస్తుంది, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది కదా, ఎల్‌సీడీలో నలుపు అంటే సరిగ్గా అదే. తెరంతా నల్లగా ఉన్నా వెనక దీపాలు వెలుగుతూనే ఉంటాయి.

రెండోది ఓఎల్ఈడీ. పెట్టెమీద అమోలెడ్, సూపర్ అమోలెడ్, పీ-ఓలెడ్ అని రకరకాల పేర్లు రాసినా అన్నీ ఈ జాతివే. ఇందులో వెనక దీపమంటూ ఉండదు. ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో వెలిగే చిన్న భాగాలుంటాయి. తెల్లటి చుక్క కావాలంటే మూడూ వెలగాలి. నల్లటి చుక్క కావాలంటే మూడూ ఆరిపోతే చాలు. అంటే ఈ తెర తినే కరెంటు ఆ క్షణాన దానిమీద ఏం కనిపిస్తోందనేదాన్ని బట్టి ఉంటుంది. తెల్లటి వార్తల పేజీకి ఒక లెక్క, అదే వార్త నల్లటి పేజీ మీద చదివితే ఇంకో లెక్క.

2018 చివర్లో యాండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసేవాళ్ల సభలో గూగుల్ ఇంజనీర్లు ఈ తేడాని అంకెల్లో చూపించారు. ఓఎల్ఈడీ తెర ఉన్న మొదటి తరం పిక్సెల్‌నీ, ఎల్‌సీడీ ఉన్న ఐఫోన్ 7నీ పక్కపక్కన పెట్టి గూగుల్ మ్యాప్స్ చూపించారు. పిక్సెల్‌లో మామూలు తెల్లటి మ్యాప్‌కి 250 మిల్లీయాంపియర్ల కరెంటు అయింది. రాత్రి రంగుల మ్యాప్‌కి మార్చేసరికి అది 92కి పడిపోయింది. ఐఫోన్ 7లో తెల్లటి మ్యాప్‌కి 230, నల్లటి మ్యాప్‌కీ 230. డార్క్ మోడ్ చార్జింగ్ మిగులుస్తుందా అన్న ప్రశ్నకి ‘మీది ఏ తెర?’ అని ఎదురు ప్రశ్న వేయాల్సింది అందుకే.

కొన్ని ఎల్‌సీడీ ఫోన్లు తెరమీద నలుపు ఎక్కువగా ఉన్నప్పుడు వెనక దీపాన్ని కొంచెం తగ్గించి, ఆ తగ్గింపు మనకి తెలియకుండా బొమ్మని సర్దుతాయి. దానివల్ల మిగిలేది స్వల్పం, అన్ని ఫోన్లూ ఆ పని చేయవు కూడా. దాన్ని నమ్ముకుని డార్క్ మోడ్ పెట్టుకోవడం వృథా.

మీ ఫోన్ తెర ఏదో తెలుసుకోవడం తేలిక. పూర్తిగా నల్లగా ఉండే బొమ్మ ఒకటి తెచ్చుకుని, రాత్రి గదిలో లైటు ఆర్పేసి, బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచి, ఆ బొమ్మని తెరనిండా తెరవండి. ఓఎల్ఈడీ అయితే ఫోన్ అసలు ఆఫ్‌లో ఉందేమో అనిపించేంత చీకటిగా ఉంటుంది. ఎల్‌సీడీ అయితే తెరంతా బూడిదరంగు మెరుపు కనిపిస్తుంది, అంచుల దగ్గర, మూలల్లో అది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఐఫోన్లలో అయితే మోడల్ పేరే చాలు. ఎక్స్‌ఆర్, 11, ఎస్‌ఈ ఫోన్లన్నీ ఎల్‌సీడీవి. 2020లో వచ్చిన 12 సిరీస్‌లో అన్ని మోడళ్లకీ ఓఎల్ఈడీ పెట్టారు. సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ బాగా తిరిగే ఐఫోన్ 11ని చూసి, ఖరీదైన ఫోన్ కాబట్టి ఓఎల్ఈడీయే ఉంటుందని పొరబడడం సులువు. అదే సిరీస్‌లోని 11 ప్రోకి ఓఎల్ఈడీ ఉంది, 11కి లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఓఎల్ఈడీ ఉన్న ఫోన్లో డార్క్ మోడ్ ఎంత మిగులుస్తుంది? గూగుల్ సభలోని అంకె చూస్తే సగానికి పైగా మిగిలినట్టే ఉంది. కానీ అది బ్రైట్‌నెస్ బాగా పెంచి, తెరనిండా తెల్లగా ఉండే యాప్‌తో తీసిన అంకె. రోజువారీ వాడకంలో ఏమవుతుందో తేల్చింది అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం. 2021లో అక్కడి పరిశోధకులు పిక్సెల్ 2, మోటో జెడ్3 లాంటి ఓఎల్ఈడీ ఫోన్లలో గూగుల్ మ్యాప్స్, న్యూస్, యూట్యూబ్, క్యాలెండర్, కాలిక్యులేటర్ వంటి యాప్‌లని తెలుపులోనూ నలుపులోనూ నడిపి కొలిచారు. బ్రైట్‌నెస్ నూటికి నూరు ఉన్నప్పుడు నలుపుకి మారితే సగటున 39 నుంచి 47 శాతం దాకా విద్యుత్తు మిగిలింది. బ్రైట్‌నెస్ 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు మిగిలింది సగటున 3 నుంచి 9 శాతమే.

రెండు అంకెలకీ మధ్య ఇంత దూరం ఎందుకు? ఫోన్ తినే మొత్తంలో తెరది ఒక భాగం మాత్రమే. ప్రాసెసర్, నెట్‌వర్క్, వైఫై, స్పీకర్లు, ఇవన్నీ తెర రంగుతో సంబంధం లేకుండా తమ వాటా తింటూనే ఉంటాయి. బ్రైట్‌నెస్ పూర్తిగా ఉన్నప్పుడు అందరికంటే ఎక్కువ తినేది తెరే కాబట్టి దాన్ని నల్లబరిస్తే మొత్తం మీద పెద్ద తేడా వస్తుంది. బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడు తెర వాటా ఎలాగూ చిన్నదైపోతుంది, అందులోంచి మిగిల్చేది ఇంకా చిన్నది. ఇంకో సంగతి కూడా ఉంది. కొత్త యాండ్రాయిడ్ ఫోన్లలో బ్రైట్‌నెస్ గీత మీద సగం అంటే వెలుగులో సగం కాదు. మన కంటికి సమానంగా పెరుగుతున్నట్టు అనిపించడం కోసం ఆ గీతని మలిచారు. గీత మధ్యలో ఉన్నప్పుడు తెర ఇచ్చే వెలుగు దాని గరిష్ఠంలో సగానికి చాలా తక్కువ. అందుకే సగం దగ్గర మిగులు అంతలా పడిపోతుంది.

ఇప్పుడు ‘సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా’ అన్న టైమ్ ఏర్పాటుని ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. బ్రైట్‌నెస్ ఆటోలో ఉన్న ఫోన్ నూటికి నూరు వెలిగేది ఎండలో. అప్పుడు ఈ ఏర్పాటు తెల్లటి తెర ఇస్తుంది. సాయంత్రం ఇంట్లోకి వచ్చాక బ్రైట్‌నెస్ గీత సగానికి, రాత్రి పడుకునే ముందు ఇంకా కిందికి దిగుతుంది. అప్పుడు నల్లటి తెర వస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. హైదరాబాదులో బండి మీద తిండి పార్శిళ్లు చేరవేసే కుర్రాడనుకుందాం. ఫోన్ 5000 ఎంఏహెచ్ బ్యాటరీది, తెర అమోలెడ్. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఫోన్ హ్యాండిల్ మీది హోల్డర్లో ఉంటుంది. ఎండ కాబట్టి తెర పూర్తి వెలుగులో, మ్యాప్ తెరిచే ఉంటుంది. గూగుల్ చూపించిన తేడానే, అంటే 250కీ 92కీ మధ్య ఉన్న 158 మిల్లీయాంపియర్లనే తీసుకుందాం. మూడు గంటలకి 474 ఎంఏహెచ్. మొత్తం బ్యాటరీలో తొమ్మిదిన్నర శాతం దాకా వస్తుంది. మొదటి పిక్సెల్ తెర ఇప్పటి ఫోన్లకంటే చిన్నది, కాబట్టి ఇది సరిగ్గా ఇంతే అని కాదు, ఎంత మేర ఉంటుందో తెలియడానికి పనికొస్తుంది. అదే కుర్రాడు రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఇంట్లో వార్తలు, వాట్సాప్ చూసుకుంటాడు. ఆ సమయంలో ఫోన్ మొత్తంగా 300 మిల్లీయాంపియర్లు లాగుతోందనుకుంటే, పర్డ్యూ వాళ్లు చెప్పిన 3 నుంచి 9 శాతం మిగులు గంటకి 9 నుంచి 27 ఎంఏహెచ్. రెండు గంటలకి కలిపి ఎక్కువలో ఎక్కువ 54, అంటే బ్యాటరీలో ఒక శాతం. సూర్యాస్తమయం ఏర్పాటు అతనికి ఇచ్చేది ఆ ఒక్క శాతమే. మధ్యాహ్నం నల్లటి మ్యాప్ పెట్టుకుని ఉంటే దానికి తొమ్మిది పది రెట్లు మిగిలేది.

మరి మధ్యాహ్నమే నలుపు పెట్టుకుంటే సరిపోదా? ఇక్కడే చిక్కు. నేరుగా ఎండ పడుతున్నప్పుడు ఫోన్ గాజు ఆకాశాన్నీ, మన ముఖాన్నీ, వేలిముద్రల మరకల్నీ చూపించడం మొదలుపెడుతుంది. తెల్లటి తెర వెలుగులో ఆ ప్రతిబింబాలు కొంత మరుగున పడతాయి, నల్లటి తెరమీద అవే పైకి తేలతాయి. సన్నటి బూడిదరంగు వీధి గీతలు కనిపించక, బండి నడిపేవాడు రోడ్డు మీంచి చూపు తిప్పి తెరని పరీక్షగా చూడాల్సి వస్తే అంతకంటే ప్రమాదం లేదు. ఆ స్థితిలో తెల్లటి మ్యాప్ ఉండాల్సిందే అని నా అభిప్రాయం. బ్యాటరీ కావాలంటే తెలిసిన దారిలో తెర ఆపేసి, మలుపుల్ని చెవిలో చెప్పించుకోవడం మేలు. నలుపు కంటే ఆపేసిన తెర ఎప్పుడూ ఎక్కువే మిగులుస్తుంది, ఎల్‌సీడీకి కూడా. చెట్టు నీడ, బస్సు, ట్యూబులైట్లు బాగా వెలిగే ఆఫీసు, కాలేజీ, దుకాణం, ఇలా వెలుతురు ఉండీ నేరుగా ఎండ పడని చోట్ల మాత్రం పగటిపూట నలుపు పనికొస్తుంది.

అందుకని ఓఎల్ఈడీ ఫోన్ ఉండి, సాయంత్రానికల్లా చార్జింగ్ అయిపోతోందని బాధపడేవాళ్లు టైముని తిరగేసి పెట్టుకోవచ్చు, లేదా రోజంతా నలుపులోనే ఉంచుకోవచ్చు. సూర్యుడి లెక్క కాకుండా మనకి నచ్చిన గంటలు పెట్టుకునే వీలు అన్ని ప్రధాన ఫోన్లలోనూ ఉంది. ఐఫోన్లో Settings లో Display & Brightness తెరిస్తే Light, Dark అని రెండు బొమ్మలు, వాటి కింద Automatic అనే మీట ఉంటాయి. అది వేస్తే కింద Options వస్తుంది, అందులో Sunset to Sunrise అనీ Custom Schedule అనీ రెండు దారులు. ఐఫోన్‌కి డార్క్ మోడ్ 2019లో ఐఓఎస్ 13తో వచ్చినప్పటి నుంచీ ఇది ఇలాగే ఉంది. యాండ్రాయిడ్‌కీ అదే ఏడాది పదో వెర్షన్‌తో డార్క్ థీమ్ వచ్చింది, టైమ్ పెట్టుకునే వీలు మరుసటి ఏడాది పదకొండో వెర్షన్‌లో చేరింది. Settings, Display, Dark theme అనే దారిలో వెళ్తే Schedule కనిపిస్తుంది. సామ్‌సంగ్‌లో Display కింద Dark mode settings లో ఉంటుంది. మిగతా కంపెనీలు పేర్లు కాస్త అటూ ఇటూ మార్చినా అన్నీ డిస్‌ప్లే సెట్టింగుల్లోనే దొరుకుతాయి.

సూర్యుడి లెక్క ఎంచుకుంటే ఫోన్‌కి మనం ఎక్కడున్నామో తెలియాలి, కాబట్టి లొకేషన్ ఆన్‌లో ఉండాలి. దానికి బ్యాటరీ అయిపోతుందని భయపడనక్కర్లేదు. సూర్యాస్తమయం లెక్కకట్టడానికి వీధి నంబరు అవసరం లేదు, ఊరు ఏదో తెలిస్తే చాలు, అది రోజూ నిమిషనిమిషానికీ మారేది కాదు. హైదరాబాదులో నవంబరు చివర పొద్దు ఐదూ నలభై ప్రాంతంలో గుంకుతుంది, జూన్ చివర ఆరూ యాభై దాటాక. విశాఖపట్నం తూర్పున ఉంది కాబట్టి అక్కడ ఏ రోజైనా ఇంచుమించు ఇరవై నిమిషాలు ముందే. మన దగ్గర ఏడాది పొడవునా ఉండే తేడా గంటా గంటంబావు మాత్రమే. డాలస్‌లో ఉండే మనవాళ్లకి జూన్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాటినా తెర తెల్లగానే ఉంటుంది, డిసెంబరులో సాయంత్రం ఐదూ ఇరవైకే నల్లబడుతుంది. అక్కడివాళ్లకి సూర్యుడి లెక్క కంటే సొంత గంటలే నయం.

టైమ్ పెట్టాక చాలామంది చేసే ఫిర్యాదు ఒకటుంది. ఏడింటికి పెట్టాను, ఏడూ పది అయినా మారలేదు, ఫోన్ పాడైందా అని. పాడవలేదు. యాండ్రాయిడ్ కావాలనే ఆగుతుంది. రంగులు మారేటప్పుడు తెరిచి ఉన్న యాప్‌లు తమ తెరని మొదటి నుంచి గీసుకోవాల్సి రావచ్చు. మనం ఏదో ఫారం నింపుతున్నప్పుడో వీడియో చూస్తున్నప్పుడో ఆ మార్పు వస్తే చిరాకు. అందుకని టైమ్ అయినా తెర ఒకసారి ఆరిపోయేదాకా వేచి ఉంటుంది. ఐఫోన్ కూడా మనం తెర వాడనప్పటి కోసం కొంచెం ఆగే అవకాశం ఉంది. పవర్ బటన్ ఒకసారి నొక్కి తెర ఆపి మళ్లీ వెలిగించండి, మారిపోతే అంతా సవ్యంగా ఉన్నట్టే. ఇందాకటి డెలివరీ కుర్రాడిలా మ్యాప్ పెట్టుకుని గంటల తరబడి తెర ఆరనివ్వని వాళ్లకి ఈ మార్పు రాత్రి పదింటిదాకా రాకపోయినా ఆశ్చర్యం లేదు. మ్యాప్ మాత్రం పొద్దు గుంకగానే నల్లబడి ఉంటుంది, ఎందుకంటే దారి చూపించేటప్పుడు గూగుల్ మ్యాప్స్ తన పగలూ రాత్రీ రంగుల్ని తనే చూసుకుంటుంది. ఫోన్ తెల్లగా, మ్యాప్ నల్లగా కనిపించినప్పుడు కంగారుపడాల్సిన పని లేదు.

మధ్యలో మనం చేత్తో మార్చినా ఏర్పాటు రద్దయిపోదు. పగలు నలుపు కావాలని నొక్కితే, మళ్లీ టైమ్ వచ్చేదాకా ఆ మార్పు నిలుస్తుంది, తర్వాత పాత పద్ధతే మొదలవుతుంది. ఇంకో రకం గందరగోళం బ్యాటరీ సేవర్‌తో వస్తుంది. చాలా యాండ్రాయిడ్ ఫోన్లలో అది ఆన్ అయితే డార్క్ థీమ్ కూడా దానంతటదే వస్తుంది, టైముతో పని లేకుండా. మధ్యాహ్నం ఉన్నట్టుండి తెర నల్లబడి, తెలుపుకి మార్చే మీట కూడా పనిచేయడం లేదంటే ముందు బ్యాటరీ సేవర్ చూడండి.

ఫోన్ నల్లబడినా అన్నీ నల్లబడవు. వాట్సాప్‌లో Settings, Chats, Theme అనే చోట System default అని ఉంటేనే అది ఫోన్ మాట వింటుంది. ఎప్పుడో Light అని పెట్టేసి మరిచిపోతే ఫోన్ ఎన్నిసార్లు రంగు మారినా వాట్సాప్ తెల్లగానే ఉంటుంది. చాలా యాప్‌లకి ఇలాంటి సొంత సెట్టింగే ఉంది, కొన్నిటికి నల్లటి రంగులే లేవు. బ్రౌజరు చుట్టూ ఉండే అంచులు నల్లబడతాయి గానీ లోపలి వెబ్ పేజీ మారాలంటే ఆ పేజీ తయారుచేసినవాళ్లు దానికి ఏర్పాటు చేసి ఉండాలి. ఫొటోలూ సినిమాలూ వీడియోలూ ఎలాగూ వాటి రంగుల్లోనే ఉంటాయి. రాత్రంతా తెరనిండా వీడియోలు చూసే మనిషికి డార్క్ మోడ్ వల్ల ఓఎల్ఈడీలోనైనా మిగిలేది దాదాపు సున్నా. ఎక్కువసేపు మీరు చూసే యాప్ ఏదో, అది నిజంగా నల్లబడుతోందో లేదో చూసుకున్నాకే లెక్కలు వేసుకోవాలి.

నిఖార్సయిన నలుపు కాకపోతే లాభం లేదని, ముదురు బూడిదరంగు పెట్టే యాప్‌లు మోసమని కొందరంటారు. గూగుల్ తన యాప్‌ల కోసం సూచించిన ముదురు రంగు #121212, అది నిజంగానే పూర్తి నలుపు కాదు. కానీ తెర అంకెలకీ వెలుగుకీ సంబంధం సరళరేఖలో ఉండదు. ఆ రంగులో వెలిగే చుక్క తెల్లటి చుక్క ఇచ్చే వెలుగులో ఒక శాతం కూడా ఇవ్వదు. కాబట్టి పూర్తి నలుపుకీ ఆ బూడిదకీ మధ్య చార్జింగ్‌లో తేడా మన కంటికి కనపడనంత. బూడిదకి ఒక మంచి గుణం కూడా ఉంది. పూర్తిగా ఆరిపోయిన ఓఎల్ఈడీ చుక్క మళ్లీ వెలగడానికి కాస్త వెనకబడుతుంది, అందుకే నల్లటి పేజీని వేగంగా జరిపితే కొన్ని ఫోన్లలో అక్షరాల వెనక తోకలా మరక కనిపిస్తుంది. బూడిదరంగులో అది తగ్గుతుంది.

తెలుగు చదివేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఇంకొకటి. మన అక్షరాల్లో గుడులూ, సున్నాలూ, ఒత్తులూ అన్నీ చిన్నచిన్న వంపులు. నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరం కొంచెం చెదిరినట్టు అనిపించే కళ్లు చాలామందికి ఉంటాయి, ముఖ్యంగా ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకి. వాళ్లకి ‘క్ష్మ’ లాంటి గుత్తులు నలుపు మీద అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. జర్మనీలోని డుసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో చేసిన పరిశోధనలో చిన్నవాళ్లకైనా పెద్దవాళ్లకైనా తెలుపు మీద నల్లటి అక్షరాలే స్పష్టంగా తెలిశాయి. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఈ నల్లటిది ఆనడం లేదురా’ అంటే చార్జింగ్ పేరు చెప్పి వాళ్ల ఫోన్ని నలుపులో ఉంచకండి. అందులోనూ వాళ్లది ఎల్‌సీడీ అయితే ఉంచడానికి కారణమే లేదు.

ఎందుకంటే అక్షరం ఆనకపోతే ఎవరైనా చేసేది బ్రైట్‌నెస్ పెంచడం. అసలు నష్టం అక్కడ జరుగుతుంది. పర్డ్యూ వాళ్లు పిక్సెల్ 5లో గూగుల్ న్యూస్ తెరిచి చూసినప్పుడు, తెల్లటి పేజీ 20 శాతం బ్రైట్‌నెస్‌లో తిన్నంత కరెంటు నల్లటి పేజీ 50 శాతంలో తింది. అంటే ఓఎల్ఈడీలో నలుపు వల్ల కలిసొచ్చిందంతా ఆ గీతని కొంచెం జరపగానే హరించుకుపోతుంది. ఎల్‌సీడీలో అయితే కలిసొచ్చిందేమీ లేదు కాబట్టి పెంచినంతా నష్టమే. డార్క్ మోడ్ పెట్టాక చార్జింగ్ ఇంకా తొందరగా అయిపోతోందని ఎవరైనా అంటే ఆ మాట కొట్టిపారేయకండి. వాళ్ల తెర ఏదో, బ్రైట్‌నెస్ ఎక్కడుందో అడగండి. ఎల్‌సీడీ ఉన్నవాళ్లకి చార్జింగ్ మిగలాలంటే బ్రైట్‌నెస్ తగ్గించుకోవడం, వాడనప్పుడు తెర పదిహేను ముప్ఫై సెకన్లలో ఆరిపోయేలా పెట్టుకోవడం, ఈ రెండే అసలు మార్గాలు. వాళ్లు టైమ్ ఏర్పాటుని పూర్తిగా కళ్ల సుఖం కోసమే పెట్టుకోవచ్చు, అలా పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

నైట్ లైట్ లేదా నైట్ షిఫ్ట్ అనే పసుపుపచ్చ ఛాయని డార్క్ మోడ్‌తో కలిపేసుకోవద్దు. దానికీ సూర్యాస్తమయం టైమే పెట్టుకోవచ్చు, అయితే అది చేసేది నీలం రంగు తగ్గించడం మాత్రమే. ఓఎల్ఈడీలో ఒకే వెలుగుకి ఎక్కువ కరెంటు తినేది నీలమే కాబట్టి కొంచెం మిగలొచ్చు, ఎల్‌సీడీలో అదీ ఉండదు.

ఇదంతా మీ ఫోన్లో ఎంత నిజమో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఫోన్ నిండా చార్జ్ చేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఆటో బ్రైట్‌నెస్ తీసేసి గీతని మీరు మామూలుగా వాడే చోట ఉంచండి. బ్యాటరీ సేవర్ ఆపేయండి. నెట్ అక్కర్లేని, ఎక్కువగా ఖాళీ పేజీ ఉండే యాప్ ఏదైనా, నోట్స్ లాంటిది, తెరిచి తెర ఆరకుండా రెండు గంటలు వదిలేయండి. ఎన్ని శాతం దిగిందో రాసుకుని, మళ్లీ నిండా చార్జ్ చేసి, అదే పని నలుపులో చేయండి. కుదిరితే బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టి మళ్లీ ఒకసారి తెలుపుకీ నలుపుకీ చూడండి. ఫోన్ చూపించే శాతం పూర్ణాంకమే కాబట్టి ఒక్క శాతం తేడా వస్తే దాన్ని తేడాగా లెక్కపెట్టకండి. పూర్తి వెలుగులో కూడా రెండు అంకెలూ ఒకటే వస్తే, మీ యాప్ నల్లబడనైనా లేదు, లేదా మీ తెర ఎల్‌సీడీ. ఆ నల్లటి బొమ్మ పరీక్ష మళ్లీ ఒకసారి చేస్తే రెండింటిలో ఏదో తేలిపోతుంది.